"బబబ" ఎప్పుడు వచ్చింది? వినికిడి లోపం ఆలస్యంగా బయటపడిన ఒక పాప కేసు

నేను స్పీచ్ థెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఐదేళ్ళలోపు పిల్లలు. మాటలు రాలేదని పిల్లల్ని తీసుకొస్తే "మొదటి మాట ఎప్పుడు అంది?" అని అడగడం మాకు అలవాటు. ఆ మాటకు ముందు ఆరు నెలలు ఏం జరిగిందో అంత శ్రద్ధగా అడగం. ఈ పాప విషయంలో అసలు జవాబు ఆ ఆరు నెలల్లోనే ఉంది. అది అడగకపోవడం వల్ల నేను ఆరు వారాలు పోగొట్టాను. తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. పాపని గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

మొదటిసారి వచ్చినప్పుడు పాపకి రెండేళ్ళ ఒక నెల. ఇంట్లో తెలుగు ఒక్కటే. అమ్మ, నాన్న, నాయనమ్మ ఉంటారు. మేనరికం కాదు. నెలలు నిండే పుట్టింది, పుట్టగానే ఏడ్చింది, పచ్చకామెర్లు రాలేదు. మెడ నిలబెట్టడం, కూర్చోవడం, నడవడం అన్నీ వేళకే జరిగాయి. పుట్టిన ఆసుపత్రిలో చెవి పరీక్ష చేయలేదు.

పాప ఒక్క మాట కూడా అనడం లేదు. గొంతు మాత్రం బాగానే వాడుతుంది. "ఆ...", "ఊ..." అంటూ పెద్దగా అరుస్తుంది, నవ్వుతుంది. కావలసినదాన్ని వేలితో చూపిస్తుంది, చూపించి అమ్మ మొహంలోకి చూస్తుంది. బొమ్మకి అన్నం పెట్టి మూతి తుడుస్తుంది. ఈ మూడూ నాకు ముఖ్యం. మాట రాకముందే పిల్లలు వేలితో చూపించి "నువ్వూ చూడు" అంటారు. మామూలుగా 9 నుంచి 14 నెలల మధ్య వచ్చే పని ఇది. అది లేని పిల్లల్లో నా ఆలోచన ఆటిజం వైపు వెళ్తుంది. ఈ పాపలో అది పుష్కలంగా ఉంది. ఎదుటి మనిషితో పంచుకోవాలన్న కోరిక ఉంది, ఆటలో ఊహ ఉంది, మాట మాత్రం లేదు.

నాయనమ్మ ధైర్యంగా ఉంది. "వాళ్ళ నాన్న కూడా మూడేళ్ళ దాకా నోరు విప్పలేదమ్మా, ఇప్పుడు ఆపమంటే ఆపడు" అంది. అంతకుముందు చూసిన ఒకరు ఫోన్ మాన్పించి, ప్లేస్కూల్లో వేసి, ఆరు నెలలు ఆగమన్నారట. ఫోన్ మాన్పించారు. ప్లేస్కూల్లో వేశారు. పాప అక్కడ ఒక మూల ఆడుకునేది.

నేను చేసిన పొరపాటు

వినపడుతుందా అన్న అనుమానం నాకూ వచ్చింది. పాప వెనక నిలబడి చప్పట్లు కొట్టాను, తిరిగింది. తలుపు గట్టిగా వేశాను, ఉలిక్కిపడింది. కుక్కర్ విజిల్ వేస్తే వంటింటి వైపు చూస్తుందని అమ్మ చెప్పింది. చెవి పరీక్ష రాసిచ్చాను కానీ తొందరేమీ లేదన్నట్టు చెప్పాను. ఈలోగా ఇంట్లో ఎలా మాట్లాడాలో నేర్పుతూ వారానికి రెండు సెషన్లు మొదలుపెట్టాను.

ఆరు వారాలు గడిచాయి. పాప నా దగ్గర హుషారుగా ఆడేది, నేను చేసే ప్రతి పనీ చేసేది, నోరు కదిపితే నోరు కూడా కదిపేది. శబ్దంలో మాత్రం అణువంత మార్పు లేదు. ఈ వయసులో ఇంత కలివిడి పిల్ల, ఇంత చురుకైన పిల్ల, ఇంత మాట్లాడే ఇంట్లో పెరుగుతూ ఒక్క హల్లు కూడా పట్టుకోకపోవడం నాకు అర్థం కాలేదు.

ఒకరోజు అమ్మ ఫోన్లో పాత వీడియోలు చూపించింది. ఐదో నెల వీడియోలో పాప "ఉంగా... ఉంగా" అంటోంది, ఊ కొడుతోంది, మిగతా పిల్లల్లాగే. పదో నెల వీడియోలో పక్కింటి బాబు కూడా ఉన్నాడు, దాదాపు అదే వయసు. వాడు "దదద... బాబ్బా... మమమ" అంటూ ఆగకుండా ఏదో చెబుతున్నాడు. పాప పక్కనే కూర్చుని "ఆ...", "ఊ...", మధ్యలో ఒక కేక. పదకొండో నెలలోనూ అంతే. మొదటి పుట్టినరోజు వీడియోలోనూ అంతే. అవి చూశాక ఇంకో రోజు కూడా ఆగకూడదనిపించింది.

కారణం చెబుతాను. మొదటి నాలుగైదు నెలల "ఉంగా" శబ్దాలకు వినికిడి పెద్దగా అవసరం లేదు. పుట్టుకతో చెవుడు ఉన్న పిల్లలూ ఉంగా కొడతారు. అందుకే తల్లిదండ్రులకి అనుమానం రాదు. ఆరు నెలల నుంచి పది నెలల లోపు ఇంకో దశ వస్తుంది. హల్లు, అచ్చు గట్టిగా అతుక్కుని "బ", "ద", "మ" లాంటి అసలైన అక్షరాలు పుడతాయి, అవి గొలుసుగా వస్తాయి. ఈ దశకి చెవి కావాలి. పిల్ల తన నోటి నుంచి వచ్చిన "బ"ని తానే విని, ఇంట్లోవాళ్ళ "బ"తో పోల్చుకుని, మళ్ళీ అంటుంది. ఆ చుట్టు తెగిపోతే "బబబ" రాదు, లేదా చాలా ఆలస్యంగా, అక్కడొకటి ఇక్కడొకటిగా వస్తుంది. తెలుగింట్లో అమ్మ, అత్త, తాత, మామ, బువ్వ అనే మాటలన్నీ ఈ గొలుసులోంచి తెగి పడిన ముక్కల్లాంటివే. గొలుసే లేనిచోట మాట ఎక్కడినుంచి వస్తుంది?

ఆ వారమే బెరా పరీక్ష చేయించాం. పిల్లకి సిరప్ పోసి నిద్రపుచ్చి, తలకి తీగలు అతికించి, చెవిలో శబ్దం వేస్తే వినికిడి నరం స్పందిస్తుందో లేదో చూసే పరీక్ష అది. రెండు చెవుల్లోనూ 65 డెసిబెల్స్ దాకా స్పందన లేదు. మధ్యచెవి పరీక్ష మామూలుగానే ఉంది, అంటే చీమూ నీరూ కాదు, లోపలి చెవి లోపం. తరవాత ఆటతో చేసిన పరీక్షలో ఇంకొంచెం స్పష్టత వచ్చింది: తక్కువ శృతి శబ్దాలు (500 హెర్ట్జ్) 45 డెసిబెల్స్‌కే వింటోంది, పై శృతులు (4000 హెర్ట్జ్) 75 అయితే గానీ వినడం లేదు.

చప్పట్లకి ఎందుకు తిరిగిందో అప్పుడు తెలిసింది. చప్పట్లు, తలుపు, కుక్కర్ విజిల్ అన్నీ ఆమెకు అందేంత పెద్ద శబ్దాలు. మనం మీటరు దూరంలో మామూలుగా మాట్లాడే మాట 60 డెసిబెల్స్ చుట్టూ ఉంటుంది. అందులో "ఆ", "ఊ" లాంటి అచ్చుల్లో బలమంతా కింది శృతుల్లో ఉంటుంది కాబట్టి అవి కాస్త అందాయి. "స", "శ", "చ", "త" పై శృతుల్లో ఉండి గాలిలో కలిసిపోయాయి. పాప అనే "ఆ... ఊ..." అదే. తనకి వినపడిన తెలుగే తను తిరిగి అంటోంది.

మిషన్ పెట్టాక: మళ్ళీ మొదటి మెట్టు నుంచి

రెండేళ్ళ నాలుగు నెలలకు రెండు చెవులకీ హియరింగ్ ఎయిడ్స్ పెట్టాం. ఈ స్థాయి లోపానికి మంచి మిషన్లు సరిపోతాయని, ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే ఇంప్లాంట్ గురించి ఇప్పుడే ఆలోచించక్కర్లేదని ఆడియాలజిస్టు, నేను కలిసి నిర్ణయించుకున్నాం. ఆ రోజు నుంచి పాపకి రెండో వయసు మొదలైంది. మేం దాన్ని వినికిడి వయసు అంటాం. ఇక్కడి నుంచి నేను రాసే నెలలన్నీ ఆ వయసువే.

మొదటి నెల తరవాత మిషన్‌ని కంప్యూటర్‌కి కలిపి చూస్తే రోజుకి మూడు గంటలే వాడినట్టు తెలిసింది. చెమట, చిరాకు, పీకి పారేయడం, "అందరూ చూస్తారు" అన్న నాన్న బాధ. అమ్మ లెక్క ప్రకారం మాత్రం రోజంతా పెడుతున్నారు. ఎవరినీ తప్పుపట్టలేదు. లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఒక్కో పనికీ ముడిపెట్టాం: పళ్ళు తోమాక మిషన్, స్నానానికి తీయడం, తుడవగానే మళ్ళీ మిషన్. రెండో నెలాఖరుకి ఎనిమిది గంటలకి చేరింది.

మూడో నెలలో ఒక పొద్దున అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. పాప మంచం మీద పడుకుని "బా... బాబా... బబ్బబ్బ" అంటోందట, ఎవరితోనూ కాదు, తనలో తనే. రెండేళ్ళ ఏడు నెలల పిల్ల, ఎనిమిది నెలల పాపాయి పని చేస్తోంది. నాయనమ్మకి ఇది వెనక్కి పోవడంలా అనిపించింది. ఇంత పిల్ల మాటలు నేర్చుకోకుండా ఊసులాడటమేంటని. వద్దనవద్దని, ఎదురు "బాబా" అనమని చెప్పాను. వయసు పెరిగినంత మాత్రాన ఈ మెట్టు దాటేసి పైదానికి ఎగరలేరు. బుద్ధి ఎదిగి ఉండటం వల్ల ఒక్కో మెట్టు మీద తక్కువ కాలం ఉంటారు, అంతే.

ఐదో నెలలో మొదటి మాట వచ్చింది: "పోయీ". ఫ్యాన్ ఆగినా, కాకి ఎగిరినా, అన్నం అయిపోయినా "పోయీ". పెద్దవాళ్ళ మాటతో సరిగ్గా కలవకపోయినా దీన్ని మాటగానే లెక్కవేశాను. ఒకే శబ్దాన్ని, ఒకే అర్థంలో, వేరువేరు సందర్భాల్లో, ఎవరూ అందించకుండా వాడింది. ఈ నాలుగూ ఉంటే అది మాటే.

ఆగిపోయిన చోటు

మొదటి మాట ఇచ్చిన ఊపులో ఇంట్లో చార్టులు వచ్చాయి. పళ్ళు, జంతువులు, రంగులు. "అను నాన్నా, ఆపిల్ అను. ఏనుగు అను." పాప అనేది కూడా. తొమ్మిదో నెలకి నలభై దాకా మాటలు అయ్యాయి. అందరూ సంతోషించారు, మొదట్లో నేనూ సంతోషించాను. కానీ రెండు మాటలు కలవడం లేదు. మామూలు పిల్లల్లో ఏడాదిన్నరకీ రెండేళ్ళకీ మధ్య, యాభై మాటలు దాటే వేళకి, "అమ్మ దా", "పాలు వద్దు" మొదలవుతాయి. ఇక్కడ ఆ జాడ కూడా లేదు.

నలభై మాటల్నీ కాగితం మీద రాసి చూశాను. ముప్పై ఆరు పేర్లు. మిగిలినవి నాలుగే: పోయీ, దా, వద్దు, టాటా. ఇంకో సంగతి గమనించాను. ఆ ముప్పై ఆరులో చాలావాటిని పాప చార్టు ముందే అంటుంది. నిజం ఆపిల్ కావాలంటే వేలు చూపిస్తుంది. ఆమెకి అవి పరీక్షలో చెప్పే జవాబులు, కావలసింది అడగడానికి వాడుకునే మాటలు కావు.

పేరుకి పేరు కలిస్తే వాక్యం కాదు. వాక్యం పుట్టాలంటే క్రియ కావాలి. తెలుగులో క్రియ పిల్లలకి చాలా సాయం చేస్తుంది. ఒట్టి ధాతువే ఆజ్ఞ అవుతుంది: పెట్టు, తియ్యి, పట్టు. "వచ్చింది", "పడింది" అన్న ఒక్క మాటే నిండు వాక్యం, ఎవరు అన్నది చివర్లోనే ఉంటుంది. పైగా మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, చివరి మాట చెవిలో బాగా నిలుస్తుంది. ఇంత వీలున్న భాషలో మేం పిల్లకి బొమ్మల పేర్లు వల్లె వేయిస్తున్నాం.

చార్టులు తీసేయమన్నాను. "అను" అన్న మాటే మానేయమన్నాను. ఇది అమ్మకి కష్టమైంది, ఎందుకంటే అడిగితే పిల్ల పలికేది, అడగకపోతే మౌనం. దాని బదులు రోజూ జరిగే మూడు పనులు ఎంచుకున్నాం: స్నానం, అన్నం, బట్టలు మడవడం. టీవీ ఆపి, పాపకి మీటరు లోపల కూర్చుని, పని జరుగుతున్నప్పుడే ఆ పని మాట చెప్పాలి. "నీళ్ళు పొయ్యి. పోశా. ఇంకా పొయ్యనా? అయిపోయింది." చెప్పాక ఆగాలి. మనసులో పది లెక్కపెట్టేదాకా ఇంకో మాట అనకూడదు. ఆ ఆగడమే ఇందులో అన్నిటికంటే కష్టం. పెద్దవాళ్ళకి మౌనం భరించడం రాదు. అమ్మ వీడియోలు పంపితే నేను చూసి "ఇక్కడ తొందరపడ్డారు" అని రాసి పంపేదాన్ని. పాప ఒక మాట అంటే దానికి ఇంకొకటి చేర్చి తిరిగి ఇవ్వాలి. "కుక్క" అంటే "కుక్క వచ్చింది" అనాలి, తిరిగి అనమని అడగకూడదు.

రెండు వారాలు ఏమీ జరగలేదు. నాన్న అసహనంగా ఉన్నాడు, ఉన్న మాటలు కూడా పోతాయేమోనని టెన్షన్ పడ్డాడు. పదకొండో నెల చివర్లో స్నానం చేయిస్తుంటే, అమ్మ ఆగి ఉన్నప్పుడు, పాప "నీళ్ళు పొయ్యి" అంది. ఆ వారంలోనే "నాన్న పోయీ", "బువ్వ వద్దు", "అమ్మ పత్తు". పత్తు అంటే పట్టు. ట, డ, ళ లాంటి నాలుక మడిచే శబ్దాలు చాలామంది పిల్లలకి కాస్త ఆలస్యంగానే కుదురుతాయి, అందుకే ఆ "త" గురించి నేను పట్టించుకోలేదు.

ఒక "స" మాయమైనప్పుడు

పద్నాలుగో నెలలో పాప "వత్తా", "తీత్తా" అనేది. ఇది తప్పు కాదు. మూడేళ్ళ పిల్లలు చాలామంది "వస్తా"ని అలాగే అంటారు, వాళ్ళ నాయనమ్మ మాటలోనూ అది "వత్తా"నే. కాబట్టి వదిలేశాను. వారం తరవాత సబ్బుని "తబ్బు" అంది. అప్పుడు ఆగాను, ఎందుకంటే నెల కిందట ఇదే పిల్ల "సబ్బు" అని స్పష్టంగా అన్నది నా నోట్సులో ఉంది. ఇంకా రాని శబ్దం వేరు, వచ్చి పోయిన శబ్దం వేరు. మొదటిది ఎదుగుదలలో భాగం. రెండోది చెవిని చూడమని చెబుతుంది.

మాకు ఒక చిన్న పరీక్ష ఉంది. నోరు కనపడకుండా కాగితం అడ్డం పెట్టుకుని ఆరు శబ్దాలు ఒక్కొక్కటిగా అంటాం: ఆ, ఊ, ఈ, మ్, శ్, స్. వినపడినప్పుడల్లా పిల్ల గిన్నెలో ఒక పూస వేయాలి. మాట్లాడే శబ్దాల కింది అంచు నుంచి పై అంచు దాకా ఈ ఆరింటిలో వస్తాయి. పాప నాలుగింటికి పూస వేసింది. శ్, స్ అన్నప్పుడు నా మొహం చూస్తూ ఎదురుచూసింది.

మిషన్ బాగానే ఉంది. చెవిలో పెట్టే మౌల్డ్ వదులైంది. చెవి పెరిగింది, మౌల్డ్ పెరగదు. సందులోంచి శబ్దం బయటికి వచ్చి కీచుమంటుంటే నాన్న వాల్యూమ్ తగ్గించాడట. ముందు పోయేది పై శృతులే. కొత్త మౌల్డ్ వచ్చిన రెండు వారాలకి "సబ్బు" తిరిగొచ్చింది. అప్పటి నుంచి ఆ ఆరు శబ్దాలు రోజూ పొద్దున మిషన్ పెట్టగానే అమ్మే చూస్తుంది, రెండు నిమిషాల పని.

వాక్యాలు

పద్దెనిమిదో నెలలో "నాన్న వచ్చింది" అంది. ఇంట్లో అందరూ నవ్వి, "వచ్చాడు అనాలి" అని మూడుసార్లు అనిపించారు. మర్నాడు మళ్ళీ "వచ్చింది". అమ్మకీ, నాయనమ్మకీ, పిల్లికీ, బస్సుకీ "వచ్చింది" సరిపోతుంటే నాన్నకి మాత్రం ఎందుకు సరిపోదో పిల్లకి తెలియడానికి కొంత కాలం, చాలా ఉదాహరణలు కావాలి. "అవును, నాన్న వచ్చాడు" అని మీరు అనండి చాలు అన్నాను. రెండు నెలల్లో తనే సర్దుకుంది. "నేను కావాలి" అన్నది "నాకు కావాలి"గా మారడం కూడా అలాగే జరిగింది. అంతకుముందే "ఇంట్లో", "నాన్నకి" వచ్చి ఉన్నాయి కాబట్టి ఆ "కి", "కు" తనకి వినపడుతున్నాయని తెలుసు, అందుకే ధైర్యంగా ఆగగలిగాను.

ఇరవై రెండో నెలలో విన్న ఒక మాట నా నోట్సులో గీత గీసి ఉంది: "బస్సు వచ్చలేదు". ఈ మాట ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఏ తెలుగువాడూ "వచ్చలేదు" అనడు. తినలేదు, పడలేదు, పెట్టలేదు విని, వాటి వెనక ఉన్న పద్ధతిని తనంతట తాను పట్టుకుని, "వచ్చింది"లోని "వచ్చ"కి అతికించింది. "రాలేదు" అని చిలకలా అన్నదానికంటే ఇది నాకు ఎక్కువ చెప్పింది. చార్టు ముందు జవాబు చెప్పిన పిల్ల ఇప్పుడు తన భాషని తాను కడుతోంది. సెషన్లు వారానికి రెండు నుంచి నెలకి రెండుకి తగ్గించింది ఆ మాట తరవాతే.

ముప్పయ్యో నెలలో, అంటే నాలుగేళ్ళ పది నెలల వయసులో, ఆమె వాక్యాల్లో రెండు పనులు కలిశాయి. "చేతులు కడుక్కుని తిన్నా", "నాన్న తెచ్చిన బొమ్మ విరిగింది", ఒకరోజు నా గదిలోకి వస్తూనే "నాయనమ్మ పడుకుందని టీవీ పెట్టలేదు". ఆ "అని" మీద నేను చాలాసేపు ఆలోచించాను. ఒకరి సంగతిని తన పనికి కారణంగా చూపించి రెండింటినీ ఒకే వాక్యంలో పెట్టడం మామూలు పిల్లలు మూడు నాలుగేళ్ళ మధ్య చేసే పని.

ఈ కేసు తరవాత నా పనిలో మారినవి

మాట ఆలస్యమైన పిల్ల ఎవరు వచ్చినా ఇప్పుడు మొదటి రోజే ఎనిమిది నుంచి పన్నెండో నెల వీడియోలు అడుగుతాను. తల్లిదండ్రుల జ్ఞాపకం కంటే ఫోన్ నమ్మకం. "ఏదో ఒకటి అనేదండీ" అన్న జవాబులో అచ్చులే ఉన్నాయో, హల్లులు కూడా ఉన్నాయో తెలియదు. వీడియోలో తెలుస్తుంది. పది నెలలు దాటినా "బబబ, దదద" లేకపోతే చెవి పరీక్షకి ఆ వారమే పంపుతాను. "బబబ" ఉన్నంత మాత్రాన చెవి బాగున్నట్టు కాదు. తరవాత వచ్చే లోపాలున్నాయి, ఒక చెవి లోపాలున్నాయి. అందుకని పరీక్ష అందరికీ చేయిస్తాను, ఎవరిని ముందు పంపాలన్నది మాత్రం ఆ వీడియో చెబుతుంది. చప్పట్లు కొట్టి చూడటం మానేశాను.

మాటలు లెక్కపెట్టేటప్పుడు పేర్లూ క్రియలూ వేరుగా రాస్తాను. ఇంగ్లీషు పిల్లల కోసం చేసిన పట్టికలు చాలావరకు వాక్యంలో ఎన్ని మాటలున్నాయని అడుగుతాయి. తెలుగులో "వచ్చేసింది" అన్న ఒక్క మాటలో ఎంత ఉందో వాటికి పట్టదు, అందుకని మాట చివర ఏం చేరిందో కూడా లెక్కలోకి తీసుకుంటాను.

పాపకి ఇప్పుడు ఐదేళ్ళు దాటాయి. ఇంట్లో ఆమె మాట వింటే తేడా తెలియదు. "ర" ఇంకా కొన్నిచోట్ల "ల"గానే ఉంది, "ళ" సరిగ్గా లేదు, వాటి గురించి ఇప్పుడు పని చేయడం లేదు. క్లాసులో ఫ్యాన్లు తిరుగుతూ, ముప్పైమంది పిల్లలు మాట్లాడుతుంటే మాట చివరలు జారిపోతున్నాయి. టీచర్ "తియ్యండి" అందో "తియ్యకండి" అందో తెలియక పక్క పిల్లని చూసి చేస్తోంది. ముందు వరసలో, గోడ వైపు కాకుండా టీచర్ మొహం కనపడేలా కూర్చోబెట్టారు. టీచర్ మెడలో వేసుకునే మైకు గురించి స్కూలుతో మాట్లాడుతున్నాం. వచ్చే నెల మళ్ళీ మౌల్డ్ మార్చాలి.